నిల్వ అంటే ఏ నిల్వ?

నాది పాలకొల్లు. భీమవరం దగ్గర రొయ్యల మేత, ప్రాసెసింగ్ చేసే ఒక కంపెనీ వార్షిక నివేదికను తెలుగు చేసే పని ఒప్పుకున్నాను. ఇంగ్లీషులో 164 పేజీలు. వాటాదారుల్లో ఎక్కువమంది చెరువుల రైతులే, అందుకే తెలుగు ప్రతి కావాలన్నారు. డైరెక్టర్ల నివేదిక నాకు చదువు చెప్పిన తెలుగు మాస్టారు చేస్తున్నారు. ఖాతాల నోట్సు మా పిన్ని కూతురు చేస్తోంది, బీకామ్ చదివింది. మిగతాది నేను. సగం పైనే అయింది. మొన్న మూడూ కలిపి చదివితే కాళ్లూ చేతులూ ఆడలేదు. 'రిజర్వ్స్' అన్నదాన్ని మాస్టారు 'నిల్వలు' అన్నారు, చెల్లి 'రిజర్వులు' అంది, నేను 'మిగులు నిధులు' అని రాశాను. ఇలాంటివి ఇంకెన్నో. గ్లాసరీ పెట్టుకుందామంటే మాస్టారు "భాషను పట్టికలో బిగిస్తావా అమ్మా" అన్నారు. చెల్లేమో నాలుగు వందల పదాల జాబితా ఎక్కడి నుంచో దింపుకొచ్చింది. నాలుగు వారాల్లో డీటీపీకి ఇవ్వాలి. ఇప్పుడు పని ఆపి గ్లాసరీ చేయాలా, మొత్తం పూర్తిచేసి చివర్లో సరిచూసుకోవాలా? మాస్టారి మనసు నొప్పించకుండా ఇది అయ్యే పనేనా?
— పేరు వద్దు

ముందుగా మూడు ఫైళ్లలోనూ 'నిల్వ' అన్న మాట వెతికించండి. మీరు రాసిన ఒక్క రిజర్వుల దగ్గరే కాదు, అది కనీసం నాలుగు చోట్ల తగులుతుంది. రిజర్వ్స్‌కి మాస్టారు పెట్టిన నిల్వలు ఒకటి. గోదాముల్లో ఉన్న మేత, సోయాపిండి, గడ్డకట్టించిన రొయ్య, అంటే ఇన్వెంటరీస్, అవీ నిల్వలే. ఖాతాల్లో ప్రతి పద్దుకూ ఉండే ఓపెనింగ్, క్లోజింగ్ బ్యాలెన్సులు ప్రారంభ నిల్వ, ముగింపు నిల్వ అవుతాయి. కోల్డ్ స్టోరేజీ శీతల నిల్వ కేంద్రం అయి ఉంటుంది. ఏ ఒక్కటీ విడిగా తప్పు కాదు. నాలుగూ ఒకే పుస్తకంలో పడ్డాకే చిక్కు.

అది ఎవరికి చిక్కో చూడండి. రైతు వాటాదారు 'నిల్వలు 38 కోట్లు' అని చదివాడనుకోండి. బ్యాంకులో 38 కోట్లు మూలుగుతున్నాయనుకుంటాడు. సభలో లేచి "అంత డబ్బు ఉంచుకుని డివిడెండ్ ఇంతేనా" అని అడుగుతాడు. రిజర్వు అంటే పెట్టెలో ఉన్న డబ్బు కాదు. వెనకటి లాభాల్లో పంచకుండా కంపెనీలోనే ఉంచిన భాగం. అది ఇప్పటికే యంత్రాలుగానో, సరుకుగానో, రైతుల దగ్గర రావలసిన బాకీగానో మారిపోయి ఉండొచ్చు. మీ 'మిగులు నిధులు' కూడా ఇదే గోతిలో పడుతుంది, ఎందుకంటే నిధి అనగానే చేతిలో ఉన్న సొమ్మే కళ్ల ముందు మెదులుతుంది. నగదు ప్రవాహ పట్టికలో ఇంకా విచిత్రం జరుగుతుంది. అక్కడ ఇన్వెంటరీ పెరిగితే ఆ మొత్తాన్ని తీసివేస్తారు, సరుకు కొనడానికి నగదు బయటికి పోయింది కాబట్టి. అక్కడ 'నిల్వల పెరుగుదల' అని రాసి పక్కన మైనస్ గుర్తు పెడితే, డైరెక్టర్ల నివేదికలో రిజర్వులనే నిల్వలుగా చదివి వచ్చినవాడికి తల తిరుగుతుంది.

కాబట్టి గ్లాసరీలో మొదటి తీర్మానం ఇలా ఉండొచ్చు. 'నిల్వ' అన్న మాట ఒక్క ఇన్వెంటరీకే, అదీ ఎప్పుడూ 'సరుకు నిల్వ' అనే జంటగానే. రిజర్వ్స్‌కి 'రిజర్వులు'. బ్యాలెన్స్‌కి 'బ్యాలెన్స్', పాసు పుస్తకం పట్టిన ఏ రైతుకైనా తెలిసిన మాటే. కోల్డ్ స్టోరేజీ కోల్డ్ స్టోరేజీగానే ఉండనివ్వండి. మన దగ్గర దాన్ని ఎవరూ ఇంకో పేరుతో పిలవరు.

గ్లాసరీని అందరూ ఇంగ్లీషు మాట ఎదుట తెలుగు మాట రాసే జాబితా అనుకుంటారు. మీ చెల్లి తెచ్చిన నాలుగు వందలూ అలాంటివే అయివుంటాయి. అందులో 'ఒక ఇంగ్లీషు మాటకు మూడు తెలుగు మాటలు' అనే తప్పు దొరుకుతుంది గానీ, 'మూడు ఇంగ్లీషు మాటలకు ఒకే తెలుగు మాట' అనే తప్పు దొరకదు. చదివేవాడికి హాని చేసేది రెండోదే. మొదటిది అతుకుల బొంతలా కనిపిస్తుంది, రెండోది అర్థాన్నే మార్చేస్తుంది. అందుకని మీ పట్టికను ఇంగ్లీషు వరుసలో ఒకసారి, తెలుగు మాటల వరుసలో ఒకసారి అమర్చి చూడండి. తెలుగు వైపు ఒకే మాట రెండు గళ్లలో కనబడిందంటే అక్కడ ఆగాలి.

'ప్రొవిజన్' తీసుకోండి. డైరెక్టర్ల నివేదికలో అది కంపెనీల చట్టం ప్రొవిజన్స్‌గా వస్తుంది. మాస్టారు 'నిబంధనలు' అని రాసి ఉంటారు, సరైనదే. నోట్సులో గ్రాట్యుటీ ప్రొవిజన్ వస్తుంది. అది ఖాతాల మాట: జరిగిపోయిన సంగతి వల్ల ఇప్పటికే కంపెనీ నెత్తిన పడ్డ బరువు, డబ్బు కట్టవలసి రావడానికే అవకాశం ఎక్కువ, ఎంతో ఎప్పుడో మాత్రం అంచనాయే. ప్రొవిజన్ల లెక్కలు 'ఇండ్ ఏఎస్ 37' అనే అకౌంటింగ్ ప్రమాణంలో ఉన్నాయి, గ్రాట్యుటీ లాంటి ఉద్యోగుల బాకీలవి మాత్రం 'ఇండ్ ఏఎస్ 19'లో. మూడోది మామూలు ఇంగ్లీషు వాడుక, తాగునీటి ప్రొవిజన్ లాంటిది. అక్కడ 'అందించడం' అంటే చాలు, గ్లాసరీకి ఎక్కనవసరం లేదు. కాబట్టి గ్లాసరీలో ప్రొవిజన్‌కు రెండు వరుసలు ఉండాలి. వరుస మాటకు కాదు, అర్థానికి.

ఇక ఖాతాల ప్రొవిజన్‌ని తెలుగులో ఏమనాలి? కామర్స్ పాఠ్యపుస్తకాల్లో 'ఏర్పాటు' అని ఉంటుంది. కానీ మీ నివేదికలో 'కొత్త ప్లాంటు ఏర్పాటు', 'కమిటీ ఏర్పాటు' పేజీకి రెండు తగులుతాయి, వాటి మధ్య 'గ్రాట్యుటీకి ఏర్పాటు' కలిసిపోతుంది. 'కేటాయింపు' వినడానికి బాగుంటుంది. అయితే సామాజిక బాధ్యత కింద బడికో ఆసుపత్రికో పక్కన పెట్టిన సొమ్మునూ, లాభంలోంచి రిజర్వుకు మళ్లించిన సొమ్మునూ మీలో ఎవరో ఇప్పటికే కేటాయింపు అని రాసి ఉంటారు. దాన్ని ప్రొవిజన్‌కు ఇచ్చేస్తే ఆ రెంటికీ వేరే మాటలు వెతుక్కోవాలి: రిజర్వుకు 'బదిలీ', సామాజిక పనులకు 'వెచ్చించడానికి నిర్ణయించిన మొత్తం'. మూడో దారి 'ప్రొవిజన్' అనే ఉంచేయడం. అర్థం ఎక్కడా చెదరదు. మొదటిసారి వచ్చినచోట ఒక వాక్యంలో వివరించాలి, మాస్టారికి నచ్చదు. నా ఓటు కేటాయింపుకే. కానీ మీ పుస్తకంలో ఆ మాట ఇప్పటికే ఎన్నిచోట్ల పడిందో లెక్కపెట్టాకే తేల్చుకోండి. వంద దాటి, సగం వేరే అర్థాల్లో ఉంటే ప్రొవిజన్ అని ఉంచడమే తక్కువ శ్రమ.

ఒకటి మాత్రం తేడా రానివ్వకండి: రిజర్వూ ప్రొవిజనూ ఎక్కడా ఒకే మాటతో రాకూడదు. రిజర్వు వాటాదారులది. ప్రొవిజన్ వేరేవాళ్లకు కట్టవలసింది, లాభం తేల్చకముందే తగ్గించుకున్నది.

మన ప్రాంతపు చెవికి తగ్గ పరీక్ష ఇంకొకటి ఉంది. డిప్రిసియేషన్‌ను పుస్తకాల్లో తరుగుదల అంటారు. రాసే తొందరలో అది 'తరుగు' అయిపోతుంది. డెల్టాలో తరుగు అంటే ధాన్యం తూకంలో మిల్లరు కోసుకునేది. 'ఈ ఏడాది తరుగు పెరిగింది' అని చదివిన రైతు, మేతలోనో రొయ్యలోనో తూకం పోయిందనుకుంటాడు. అందుకే యంత్రాలకూ భవనాలకూ తరుగుదల, తూకానికి తరుగు, అడ్డదారులు లేవు అని రాసి పెట్టుకోండి. 'కరెంట్ ఆస్తులు' అని రాస్తే ట్రాన్స్‌ఫార్మర్లు గుర్తొస్తాయన్న సంగతి వేరే చెప్పాలా.

పట్టిక ఎంత ఉండాలి? అరవై వరుసలు దాటనివ్వకండి. పదాలు ఏరడానికి నిఘంటువు వద్దు. ముందు మూడు పట్టికల ముఖాన ఉన్న పద్దుల పేర్లు తీసుకోండి: ఆస్తి అప్పుల పట్టీ, లాభనష్టాల పట్టిక, నగదు ప్రవాహ పట్టిక. అవి నలభై దాకా వస్తాయి. మొదటి రెంటిలోవీ కంపెనీల చట్టంలోని షెడ్యూల్ 3 నమూనా ప్రకారం వచ్చే పేర్లు, వచ్చే ఏడూ దాదాపు ఇవే ఉంటాయి. తర్వాత ఆడిటర్ల నివేదికలో నుంచి ఓ ఎనిమిది, రొయ్యల వ్యాపారం మాటలు ఓ పది. ఒక్కసారే వచ్చే మాటకు వరుస అక్కర్లేదు. ఇద్దరి చేతుల్లో పడేది, లేదా తప్పు రాస్తే డబ్బు అర్థం మారేది మాత్రమే ఎక్కాలి. నాలుగు వందలుంటే ఏమవుతుందంటే, రెండో రోజు నుంచి ఎవరూ తెరవరు.

షెడ్యూల్ 3 పేర్లలో ఒక ఉచ్చు ఉంది, అది ఇక్కడే చెప్పాలి. ఆస్తుల వైపు 'లోన్స్' అని ఉంటుంది, అవి కంపెనీ ఇచ్చినవి. అప్పుల వైపు 'బారోయింగ్స్' అని ఉంటుంది, అవి తెచ్చుకున్నవి. రెంటికీ 'రుణాలు' అని పెడితే పట్టీలో రెండు చోట్లా రుణాలే ఉంటాయి, ఎవరు ఎవరికి బాకీనో తెలియదు. 'ఇచ్చిన రుణాలు', 'తీసుకున్న రుణాలు' అని రాయండి. గడి కాస్త పొడవవుతుంది, కానివ్వండి.

పట్టికలో ఐదు నిలువు గళ్లు చాలు: ఇంగ్లీషు మాట, తెలుగు మాట, వెతకడానికి దాని మొదలు, ఒక్క వాక్యంలో అర్థం, వాడకూడని మాటలు. ఉదాహరణకు రిజర్వ్స్ వరుసలో తెలుగు మాట 'రిజర్వులు', వెతికే మొదలు 'రిజర్వ', అర్థం 'పంచకుండా కంపెనీలో ఉంచిన లాభంలాంటివి, వాటాదారుల వాటా, నగదు కాదు', వాడకూడనివి 'నిల్వలు, మిగులు నిధులు, కేటాయింపు'. అన్నిటికంటే ఎక్కువ పనికొచ్చేది ఈ చివరి గడే. ఏది రాయాలో అందరికీ గుర్తుంటుంది, ఏది రాయకూడదో తప్పు చేసేటప్పుడు గుర్తురాదు.

ఇప్పుడు మీరడిగిన ఆపాలా, సాగాలా సంగతి. పూర్తిచేసి చివర్లో సరిచూద్దామంటే వర్డ్‌లో 'అన్నీ మార్చు' నొక్కి తీరిపోతుందనుకుంటాం. తెలుగులో తీరదు. 'నిల్వలు' అన్నిటినీ రిజర్వులుగా మారిస్తే సరుకూ మారిపోతుంది. 'మిగులు నిధులు' మారిస్తే 'మిగులు నిధుల నుంచి', 'మిగులు నిధిలో' అలాగే ఉండిపోతాయి. 'తరుగు'ను 'తరుగుదల' చేయమంటే, ముందే సరిగ్గా ఉన్నచోట 'తరుగుదలదల' అవుతుంది. ఒక్కొక్కటీ చూసి మార్చాలి, 164 పేజీలకు అది చివరి వారాన్ని మింగేస్తుంది. ఖాతాల మాటలున్న భాగమంతా చెల్లికే అప్పగించడం ఇంకో దారి. నోట్సు ఒకే తీరుగా వస్తాయి. కానీ డైరెక్టర్ల నివేదిక మొదటి పేజీలోనే ఆ పద్దులు మళ్లీ పట్టికగా వస్తాయి, అక్కడ మాస్టారి మాట వేరే ఉంటుంది. రెండు రోజులు ఆపడమే నయం. మొదటి రోజు మీరూ చెల్లీ పద్దులు ఏరండి, రెండో రోజు ముగ్గురూ కూర్చోండి. రాసేసిన పేజీలను అప్పుడు దిద్దొద్దు. రాయాల్సినవి కొత్త పట్టిక ప్రకారం రాసుకుపోండి, పాతవాటికి కింద చెప్పే తనిఖీ పెట్టండి.

ఎక్సెల్‌లో ఒక షీటు తెరిచి A గడిలో ఇంగ్లీషు పేరా, B గడిలో దాని తెలుగు, వరుసకు ఒక పేరా చొప్పున, రెండో వరుస నుంచి పెట్టండి. 164 పేజీలకు ఇది సగం రోజు విసుగు పని, పేరాలు జత తప్పకుండా చూడాలి. D1లో ఇంగ్లీషు మాట మొదలు, E1లో తెలుగు మాట మొదలు రాసి, C2లో ఇది పెట్టి కిందికి లాగండి:

```
=IF(AND(ISNUMBER(SEARCH(D$1,A2)),ISERROR(FIND(E$1,SUBSTITUTE(B2,UNICHAR(8204),"")))),"చూడు","")
```

ఇంగ్లీషులో ఆ మాట ఉండి, తెలుగులో మనం ఒప్పుకున్న మాట లేని పేరాల ఎదుట 'చూడు' అని పడుతుంది. మధ్యలో ఉన్న 8204 కంటికి కనబడని ఒక అక్షరం సంఖ్య. 'బ్యాలెన్స్‌లో' అని పొల్లు విడిగా నిలవడానికి కీబోర్డు దాన్ని చొప్పిస్తుంది, కొందరి ఫైళ్లలో ఉంటుంది, కొందరి ఫైళ్లలో ఉండదు. తీసేయకపోతే ఒకేలా కనబడే రెండు మాటలు కంప్యూటరుకు వేరువేరు అవుతాయి. మాట మొదలు మాత్రమే ఇవ్వడం విభక్తుల కోసం: 'రుణం' అని వెతికితే రుణాలు, రుణానికి దొరకవు, 'రుణ' అంటే అన్నీ దొరుకుతాయి. మాస్టారు 'ఋణ' అని రాసే అలవాటున్నవారైతే ముందు అది ఒకటి చేసుకోండి.

'చూడు' పడ్డవన్నీ తప్పులు కావు. రిజర్వ్ అని వెతికితే, రిజర్వ్ బ్యాంకును తెలుగులో 'ఆర్‌బీఐ' అని రాసిన పేరాలూ వస్తాయి, 'ఇవి' అని సర్వనామంతో సరిపెట్టిన మంచి వాక్యాలూ వస్తాయి. అవి వదిలేయండి. ఆ తర్వాత దీన్నే తిరగేసి నడపండి: B లో 'నిల్వ' ఉండి, A లో `inventor` లేని పేరాలు వెతికించండి. ఫార్ములాలో రెండు వెతుకులాటల చోట్లూ మార్చుకుంటే సరి. నాలుగు నిల్వల గొడవ బయటపడేది ఈ రెండో నడకలోనే. అరవై మాటలకూ ఇది అక్కర్లేదు, ప్రమాదకరమైన పదిహేనింటికి చేస్తే చాలు.

అంకెల కొలతకు కూడా ఒక వరుస ఉంచండి. ఇంగ్లీషులో మిలియన్లుంటే తెలుగులో మిలియన్లే. మాటల్లో కోట్లుగా మార్చి, పట్టికల్లో మిలియన్లు ఉంచితే ఎక్కడో ఒక సున్నా జారుతుంది.

మాస్టారి సంగతి. ఆయనన్న మాటలో సగం నిజముంది. గ్లాసరీ వాక్యాన్ని బిగించకూడదు, నామవాచకాలను మాత్రమే పట్టుకోవాలి. ఛైర్మన్ సందేశమూ, క్రియలూ, వాక్యాల నడకా ఆయన ఇష్టం, ఆ మాట ముందే చెప్పండి. తర్వాత పట్టికలో ఆయనకు నిజమైన పని ఇవ్వండి: ప్రతి మాటనూ బహువచనంలో, 'కి' చేర్చి, 'లో' చేర్చి మూడు చిన్న వాక్యాల్లో పెట్టి, నోటికి ఒదుగుతుందో లేదో తేల్చడం. ఇది మొక్కుబడి పని కాదు. గడిలో బాగున్న మాట వాక్యంలో కుంటుతుంది, అది పట్టేది మంచి చెవి ఉన్నవాళ్లే. అర్థం విషయంలో తీర్పు మాత్రం మీదీ కాదు, ఆయనదీ కాదు. కంపెనీ ఖాతాలు చూసే సీఏ చేత అరవై వరుసలూ ఒకసారి చదివించి, ఒప్పుకున్నట్టు మెయిల్ తీసుకోండి. అప్పుడు 'నిల్వలు' కొట్టేసింది మీరు కాదు.

అలా తప్పించుకోవడం నచ్చకపోతే ఇంకో తీరుంది. మూడు పేరాలు అచ్చు తీసి ఆయన ముందు పెట్టండి. "మాస్టారూ, సరుకుకూ దీనికీ ఒకే మాట పడింది, రైతు తికమకపడతాడేమో. నిల్వ అన్నది దేనికి ఉంచమంటారు?" అని అడగండి. తెలుగు చెప్పిన మనిషి అది సరుకుకే ఇస్తారు. కాస్త ఎక్కువ సమయం పడుతుంది, ఆయన మిగతా యాభై తొమ్మిదింటికీ వాదించే ప్రమాదమూ ఉంది. రోజులు తక్కువున్నాయి కాబట్టి మొదటిదే సులువు. ఆయన్ను మీకన్నా నాకు తెలియదు.

డీటీపీ దగ్గర చివరి గండం. మీ డీటీపీ వాళ్లు అను ఫాంట్లలో పేజీలు కడతారేమో ముందే అడగండి. యూనికోడ్ నుంచి అందులోకి మారాక మీ ఎక్సెల్ తనిఖీ ఏదీ ఆ ఫైలు మీద పనిచేయదు, అక్కడ దిద్దినవి మీ ఫైలులోకి తిరిగి రావు. కాబట్టి మార్చకముందే తనిఖీ అంతా పూర్తవ్వాలి, ఆ తర్వాత దిద్దుబాట్లు రెండు చోట్లా చేయాలి. ప్రూఫు కాగితం మీద చూసేటప్పుడు ఒక జంట మాత్రం ప్రత్యేకంగా వెతకండి: పెట్టుబడి, పట్టుబడి. మీ నివేదికలో ఇన్వెస్ట్‌మెంటూ ఉంటుంది, చెరువు పట్టడమూ ఉంటుంది. ఒక్క ఎత్వం రాలిపోతే 'అనుబంధ సంస్థలో పట్టుబడి 12 కోట్లు' అవుతుంది. రెండూ సరైన తెలుగు మాటలే కనుక దాన్ని ఏ స్పెల్‌చెక్కూ ఆపదు. ఈ రెండు మాటలూ ఉన్న పేజీలను చెల్లి చేత పైకి చదివించి, ఇంగ్లీషు ప్రతి మీరు చేత పట్టుకుని వినండి.